అతిథి గారికి రాసే ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

శ్రీకాకుళం వైపు ఒక డిగ్రీ కాలేజీలో చదివే మా మనవరాలు మొన్న రాత్రి ఫోన్ చేసింది. ఆగస్టు 29న వాళ్ల కాలేజీలో తెలుగు భాషా దినోత్సవం జరిగింది. విద్యార్థి కన్వీనర్ తనే. ముఖ్య అతిథిగా సీతంపేట దగ్గర సవర గిరిజన పిల్లల బడిలో ఏళ్ల తరబడి పనిచేసిన ఒక టీచరమ్మ వచ్చారు. ఆవిడకి కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాయమని తెలుగు మేడమ్ చెప్పారట. "అమ్మమ్మా, స్టేజీ మీద వందన సమర్పణలో అందరికీ థాంక్స్ చెప్పేశాను కదా, మళ్లీ ఏం రాయాలి?" అని దాని టెన్షన్. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి, ఇలాంటి ఉత్తరాలు ఎన్నో దిద్దినదాన్ని. దానికి చెప్పింది మీకూ రాస్తున్నాను.

వందన సమర్పణ సభ మొత్తానికి చెప్పేది. అందులో ప్రిన్సిపాల్ గారూ ఉంటారు, షామియానా వేసినవాళ్లూ ఉంటారు. ఉత్తరం మాత్రం ఒక్కరికి వెళ్తుంది. ఆ ఒక్కరూ దాన్ని ఇంట్లో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, నిదానంగా చదువుతారు.

మా పిల్ల మొదట రాసింది ఇది: "బహుముఖ ప్రజ్ఞాశాలి, సౌజన్యమూర్తి అయిన తాము తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసి, మీ స్ఫూర్తిదాయక ప్రసంగంతో మమ్మల్ని ఉత్తేజపరిచినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు." చదివి ఒక పని చేయమన్నాను. పైన ఆవిడ పేరు కొట్టేసి, కిందటేడు వచ్చిన బ్యాంకు మేనేజరు గారి పేరు పెట్టి మళ్లీ చదవమన్నాను. చదివి కాసేపు మాట్లాడలేదు. "అమ్మమ్మా, ఆయనకీ సరిపోతోంది" అంది.

ఆ పరీక్షలో నిలిచే వాక్యం ఒక్కటైనా ఉత్తరంలో ఉండాలి. అది పొగడ్తతో రాదు, సభలో జరిగిన దానితో వస్తుంది. అందుకే రాసే ముందు రెండు ప్రశ్నలకి జవాబు వెతుక్కోండి: ఆవిడ చెప్పినవాటిలో మీకు ఇంకా గుర్తున్నది ఏది? అది విన్నాక కాలేజీలో ఏం జరిగింది?

మా మనవరాలికి గుర్తున్నది ఇదీ. బడిలో చేరిన మొదటి రోజు ఒక సవర పాప పొద్దుటి నుంచి పెదవి విప్పలేదట. మధ్యాహ్నం టీచరమ్మ సవరలో "అన్నం తిన్నావా" అని అడిగేసరికి ఏడ్చేసి, ఆ తర్వాత మాటలు ఆపలేదట. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కూడా నేర్చుకుని ఆ పిల్లల కోసం బడులు నడిపారు కదా, ఆయన పుట్టినరోజున చెప్పాల్సిన మాట అదే. రెండో ప్రశ్నకి జవాబు ఇంకా బాగుంది. సభ అయ్యాక వాళ్ల క్లాసులో ఒకబ్బాయి, తన ఇంట్లో సవరే మాట్లాడతారని మొదటిసారి స్నేహితులకి చెప్పాడట. గోడపత్రికలో సవర మాటలకి ఒక మూల ఇమ్మని అడిగాడట.

"ఇది రాయవే" అన్నాను. కానీ ముందు ఆ అబ్బాయిని అడగమన్నాను. తన ఇంటి సంగతి ఇంకొకరి ఉత్తరంలోకి ఎక్కుతోంది, ఒప్పుకోవాల్సింది అతనే. ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

రెండో ప్రయత్నంలో తయారైన ఉత్తరం ఇదీ:

*విషయం: తెలుగు భాషా దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినందుకు కృతజ్ఞతలు*

*గౌరవనీయులైన టీచర్ గారికి నమస్కారం.*

*ఆగస్టు 29న మా కళాశాలలో జరిగిన తెలుగు భాషా దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినందుకు విద్యార్థులందరి తరఫున, తెలుగు శాఖ తరఫున మీకు కృతజ్ఞతలు. మీరు రెండు బస్సులు మారి వచ్చారని తర్వాత తెలిసింది.*

*"అన్నం తిన్నావా" అని అడిగాక మాట్లాడిన పాప గురించి మీరు చెప్పింది మా క్లాసులో ఇంకా చెప్పుకుంటున్నాం. ఆ సాయంత్రమే మా తోటి విద్యార్థి ఒకరు తన ఇంటి భాష సవర అని మాకు చెప్పారు. ఈ నెల గోడపత్రికలో సవర మాటల శీర్షిక తనే రాస్తున్నారు.*

*కార్యక్రమం నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలవడంతో మీరు ప్రసంగం కుదించుకోవాల్సి వచ్చింది. అది మా పొరపాటు, క్షమించండి.*

*మూడు ఫొటోలు, మీ హాజరు ధ్రువపత్రం జత చేశాం.*

*కృతజ్ఞతలతో,*
*విద్యార్థి కన్వీనర్, బి.ఎస్సీ. రెండో సంవత్సరం*

"టీచర్ గారికి" అన్నచోట అసలు ఉత్తరంలో ఆవిడ పూర్తి పేరు ఉంది, మీకు చూపించేటప్పుడు తీసేశాను. ఆ పేరు, హోదా ఫ్లెక్సీ చూసి రాయకండి, ఆవిడ పంపిన పరిచయం చూసి రాయండి. ఫ్లెక్సీలో ఇంటిపేరు తప్పు పడడం నేను చాలాసార్లు చూశాను. ఇంకో ప్రమాదం పాత ఉత్తరాన్ని కాపీ చేయడం. నేను చదువుకునే రోజుల్లో సంఘం కార్యదర్శిగా అలాగే చేశాను. పైన కొత్త అతిథి పేరు మార్చాను, రెండో పేరాలో కిందటేడు అతిథి పేరు ఉండిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా మా కాలేజీకి రాలేదు. ఇప్పటికీ ఆ ఉత్తరం తలుచుకుంటే బాధే.

ఆలస్యం గురించి ఎందుకు రాయాలని మనవరాలు వాదించింది. నలభై నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో ఎదురుచూసింది ఆవిడే కదా, ఆవిడకి తెలుసు. దాని మాట ఎత్తకపోతే మిగతా మాటలూ మొక్కుబడిగా కనిపిస్తాయి. అలాగని సాకులు వద్దు. కరెంటు పోయింది, మైకు పాడైంది అని వివరించడం మొదలుపెడితే ఉత్తరం కాస్తా సంజాయిషీ అయిపోతుంది. ఒక్క ముక్కలో ఒప్పుకుని ముందుకెళ్లాలి.

హాజరు ధ్రువపత్రం చిన్న కాగితమే, కానీ ఉద్యోగంలో ఉన్న అతిథికి అవసరం పడొచ్చు. పని దినాన బడి వదిలి వచ్చినట్టు పైవాళ్లకి చూపించాల్సి వస్తుంది. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయో లేదో చూసి జత చేయండి. ప్రయాణ ఖర్చుల సంగతి మాత్రం ఈ ఉత్తరంలో వద్దు, దానికి కాలేజీ ఆఫీసు విడిగా రాస్తుంది. సిఫారసు లేఖ కావాలనో, వచ్చే ఏడాది కూడా రావాలనో అడగడమూ ఇక్కడ వద్దు. కృతజ్ఞత వెనక ఒక కోరిక కనబడితే, ఆ కోరిక కోసమే ఉత్తరం రాశారనుకుంటారు.

ఫొటోలు ఎనభై ఉంటే ఎనభయ్యీ పంపకండి. జీమెయిల్‌లో జతచేసేవాటికి 25 ఎంబీల హద్దు ఉంది. అది దాటకపోయినా పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట తెరవడం కష్టం. ఆవిడ మాట్లాడుతున్నది ఒకటి, పిల్లలతో ఉన్నది ఒకటి, అందరూ కలిసి దిగినది ఒకటి చాలు. శాలువా కప్పే ఫొటోలో ఆవిడ కళ్లు మూసుకుని ఉంటే అది తీసేయండి.

పంపే ముందు తెలుగు మేడమ్‌కి చూపించాలి, ఎందుకంటే ఉత్తరం కాలేజీ పేరు మీద వెళ్తోంది. కాపీ ఒకటి ఫైల్లో పెట్టడం మామూలే. కానీ ఫైలు కోసం రాయడం మొదలుపెడితే మళ్లీ "బహుముఖ ప్రజ్ఞాశాలి" వచ్చి కూర్చుంటుంది.

సభ అయిన మర్నాడో, ఆ మర్నాడో పంపేయండి. ఆలస్యమైపోయినా మానేయకండి, ఆలస్యానికి ఒక మాట చెప్పి పంపండి. మా మనవరాలు రెండో రోజు సాయంత్రం మెయిల్ పంపి, "ఉత్తరం పంపాను మేడమ్" అని టీచరమ్మకి వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టింది. మర్నాడు పొద్దున్నే టీచరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. గోడపత్రిక అచ్చయ్యాక ఒక ఫొటో తీసి పంపమని అడిగారట, తన బడి పిల్లలకి చూపిస్తారట.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ