నిమ్మ తోటల పద్దులో ఖాళీగా మిగిలే మూడు నెలలు

నెల్లూరు జిల్లాలో కొత్త నిమ్మ తోటలకు రావాల్సిన సాయం సమయానికి అందడం లేదన్న వివాదం మళ్లీ రాజుకుంది. రైతులు ఉద్యాన శాఖను తప్పుపడుతుంటే, శాఖ సిబ్బంది నిధుల విడుదలను చూపిస్తున్నారు. ఈ జాప్యంలో పెద్ద భాగం శాఖ పంపే ప్రతిపాదనకు చివర జతచేసే బడ్జెట్ పట్టికలోనే మొదలవుతోంది. ఎన్ని హెక్టార్లు, హెక్టారుకు ఎంత, ఏ త్రైమాసికంలో ఎంత అని చెప్పే పట్టిక అది.

ఈ సాయం 2014లో మొదలైన సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ అనే కేంద్ర ప్రాయోజిత పథకం కింద వస్తుంది, అంటే కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే పథకం. నేటి వివాదానికి మూలం 2021 మార్చిలో కేంద్ర వ్యయ విభాగం ఇచ్చిన ఉత్తర్వు. ఇలాంటి ఒక్కో పథకానికి ప్రతి రాష్ట్రంలో నిధులన్నీ జమయ్యే ఒకే నోడల్ ఖాతా ఉండాలని, ఏడాది కేటాయింపులో ఒక విడతకు 25 శాతానికి మించి విడుదల చేయరాదని, అందులో కనీసం 75 శాతం ఖర్చయితేనే తర్వాతి విడత ఇవ్వాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. అంతకుముందు త్రైమాసికాల గడులను మొత్తాన్ని నాలుగుతో భాగించి నింపినా పెద్దగా నష్టం ఉండేది కాదు. ఆ ఉత్తర్వు తర్వాత మొదటి గడిలో చూపిన సొమ్ము నిజంగా ఖర్చు కాకపోతే రెండో గడికి సొమ్ము రాదు. ఖాతా రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి, ఒక జిల్లాలో కదలని డబ్బు మిగతా జిల్లాల విడతకూ అడ్డం పడుతుంది.

ఇప్పుడు పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ సాగును ఈ పట్టిక పక్కన పెట్టి చూడాలి. ఈ జిల్లాకు ప్రధాన వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాలదే. ఎండల్లో గుంతలు తీసి ఆరనిచ్చి, వాన చూసుకుని మొక్క నాటుతారు. పట్టికలో మొదటి త్రైమాసికమైన ఏప్రిల్ నుంచి జూన్ వరకు నాట్లు ఉండవు.

లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు హెక్టారుకు సాయం 50,000 రూపాయలు అనుకుందాం. 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం ఇందులో 60 శాతం మొదటి ఏడాది, 20 శాతం చొప్పున తర్వాతి రెండేళ్లు ఇస్తారు. కొత్తగా 100 హెక్టార్లు నాటిస్తే ఈ ఏడాది అయ్యేది 30 లక్షలు. నిరుడు నాటిన 80 హెక్టార్లకు 8 లక్షలు, అంతకుముందు ఏడాది నాటిన 60 హెక్టార్లకు 6 లక్షలు కూడా ఈ ఏడాదే చెల్లించాలి. అలా మొత్తం 44 లక్షలవుతుంది. పాత తోటల 14 లక్షలను మరిచిపోవడం ఈ పట్టికల్లో తరచూ దొర్లే పొరపాటు. దాన్ని సరిదిద్దాక కూడా త్రైమాసికానికి 25 హెక్టార్లు, 11 లక్షలు అని సమంగా పంచితే మొదటి మూడు నెలల్లో ఖర్చు సున్నా అవుతుంది. రెండో విడతకు కావలసిన 8.25 లక్షల ఖర్చు కనపడదు కాబట్టి, నాట్లు ముమ్మరంగా సాగే వేళకు చేతిలో సొమ్ము చాలదు.

పాత తోటల చెల్లింపులన్నీ ఏప్రిల్–జూన్‌లోకి మార్చమన్నది లెక్కల విభాగం చెప్పే పరిష్కారం. కాగితం మీద అది సరిపోతుంది.

రైతుల అభ్యంతరం మాత్రం తోటలోంచి వచ్చింది. అవే 2014 మార్గదర్శకాల ప్రకారం రెండో ఏడాది వాయిదా రావాలంటే 75 శాతం మొక్కలు బతికి ఉండాలి. ఆరు మీటర్ల ఎడంతో హెక్టారుకు 277 మొక్కలు పడతాయి కాబట్టి, 208 బతికి కనిపించాలి. మొదటి వేసవిలో బోరు తగ్గి మొక్కలు ఎండడం మెట్ట ప్రాంతంలో మామూలే. రైతు వాటి స్థానంలో వానలు పడ్డాక తన ఖర్చుతో కొత్తవి నాటుకుంటాడు. జూన్‌లో లెక్కపెడితే 190 మొక్కలే కనిపించి వాయిదా పోగొట్టుకునే తోట, డిసెంబరులో లెక్కపెడితే నిండుగా కనిపించవచ్చు. తనిఖీ తేదీని విడుదల నిబంధన కోసం ముందుకు జరిపితే ఆ భారం నేరుగా చిన్న రైతు మీద పడుతుంది.

క్షేత్ర సిబ్బందిలో కొందరు చెబుతున్న మార్గం ఈ రెంటినీ కలుపుతుంది. మూడో ఏడాది తోటలు అప్పటికి మొదటి వేసవిని దాటి, ఖాళీలు పూడి ఉంటాయి కాబట్టి 90 శాతం బతికి ఉండాలన్న షరతుతో వాటి తనిఖీని మొదటి త్రైమాసికంలోనే చేయవచ్చు. అక్కడ 6 లక్షలు ఖర్చవుతాయి. కొత్త తోటలకిచ్చే 30,000 నుంచి గుంతల పనికి 5,000 విడదీస్తే, 100 హెక్టార్లకు మరో 5 లక్షలు జూన్‌లోపే చెల్లించవచ్చు. మొత్తం 11 లక్షలు ఖర్చయి రెండో విడతకు దారి తెరుచుకుంటుంది, నిరుటి తోటల తనిఖీ వానల తర్వాతే జరుగుతుంది. అయితే ఇందుకు హెక్టారుకు చూపే ఖర్చును పనులవారీగా విడగొట్టి చూపాలి, గుంతలకు ఒకసారి, మొక్కలకు ఒకసారి పొలానికి వెళ్లి కొలవాలి. అంతమంది సిబ్బంది లేరన్నది లెక్కల విభాగం అభ్యంతరం. పట్టిక ప్రస్తుతం అక్కడే ఆగి ఉంది.