తెల్ల వెంట్రుక తీగలా ఎందుకు నిలబడుతుంది?

ఒక పాఠకురాలు ఇలా రాశారు: "నల్లగా ఉన్నన్నాళ్లూ నా జుట్టు పట్టులా జారేది. తెల్లబడుతున్న కొద్దీ కొబ్బరి పీచులా తయారైంది. పాపిడి దగ్గర నాలుగు వెంట్రుకలు ఎంత దువ్వినా లేచి నిలబడుతున్నాయి. రంగు పోతే మెత్తదనం కూడా పోతుందా?"

నా పాపిడి దగ్గరా అలాంటివి ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా వదల్లేకపోయాను. జుట్టు ఎందుకు తెల్లబడుతుందో అందరూ రాసేదే. కుదుళ్లలో మెలనిన్ తయారుచేసే కణాలు అయిపోతాయి, అంతే. నాకు ఆసక్తి ఆ తర్వాతి సంగతి మీద.

ముందు ఒక అపోహ సంగతి. మెలనిన్ వెంట్రుకకు మెత్తదనం ఇవ్వదు. వెంట్రుక బరువులో అది మూడు శాతం కూడా ఉండదు. ఒకే తల మీది నల్ల, తెల్ల వెంట్రుకలను లాగి చూస్తే బలంలో పెద్ద తేడా ఏమీ కనబడదు. మరి చేతికి తెలిసే ఆ గరుకుదనం ఎక్కడిది? రెండు చోట్ల నుంచి వస్తుంది: వెంట్రుక మందం, దాని పైపొర. వీటిని కలిపేసి చూడటం వల్లే మనం వాడే నూనెలూ షాంపూలూ ఒకసారి పనిచేసి మరోసారి చేయనట్టు అనిపిస్తాయి.

మందం లెక్క నాకు చాలా ఇష్టం. ఒక కడ్డీని వంచడానికి కావలసిన బలం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. రెట్టింపు మందమైతే పదహారు రెట్లు గట్టి. పిల్లలకు ఇది బీమ్ పాఠంలో చెబుతాం, వాళ్లు వంతెనలనే ఊహించుకుంటారు. వాళ్ల నెత్తి మీదే లక్ష బీమ్‌లున్నాయని ఎవరూ చెప్పరు! కొందరి తలలో తెల్ల వెంట్రుకలు పక్కనున్న నల్లవాటి కంటే లావుగా ఉంటాయి. గడ్డంలో ఇది ఇంకా స్పష్టం. నల్లది 60 మైక్రాన్లు, తెల్లది 80 మైక్రాన్లు అనుకోండి. కంటికి ఆ తేడా దాదాపు తెలియదు. కానీ 80ని 60తో భాగించి నాలుగో ఘాతం వేస్తే మూడుకు కాస్త పైన వస్తుంది. అంటే వంచడానికి మూడింతలు బలం కావాలి. వేళ్లకు తీగలా తగలకేం చేస్తుంది?

పొడవు లెక్క దీనికి తోడవుతుంది. ఒక చివర బిగించిన కడ్డీ తన బరువుకి తాను ఎంత వంగుతుందన్నది పొడవుకి నాలుగో ఘాతంలో ఉంటుంది. కొంచెం వంగేంత వరకు ఈ లెక్క సరిపోతుంది. రెండు సెంటీమీటర్ల వెంట్రుక కంటే నాలుగు సెంటీమీటర్లది పదహారు రెట్లు వంగుతుంది. పాపిడి దగ్గర లేచేవి చాలావరకు కొత్తగా మొలిచిన పొట్టివే. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, వాటి బరువుకి అవే ఒరిగే దాకా అలాగే నిలబడతాయి.

ఇక పైపొర. వెంట్రుక మీద ఇంటి పెంకుల్లా పొలుసులు పరుచుకుని ఉంటాయి, వాటి అంచులు కొన వైపు తిరిగి ఉంటాయి. రాలిన వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పొడవునా పెట్టి వేళ్లను ముందుకీ వెనక్కీ రుద్దండి. అది మెల్లగా ఒకే దిక్కుకి, కుదురు ఉన్న వైపుకి, పాకుతుంది. పొలుసుల ప్రభావమే అది. ఆ పొలుసుల మీద పుట్టుకతోనే ఒక పలుచని కొవ్వు పొర అతుక్కుని ఉంటుంది. రంగు వేసేటప్పుడు వాడే క్షారం, పెరాక్సైడ్, ఏళ్ల తరబడి పడే ఎండ దాన్ని ఊడగొడతాయి. ఎండను పీల్చుకునే మెలనిన్ తెల్ల వెంట్రుకలో లేదు కనుక లోపలి ప్రొటీన్‌కూ దెబ్బ ఎక్కువ. పైగా వయసుతో తల చర్మం నూనె ఊరడం తగ్గుతుంది, ముఖ్యంగా నెలసరి ఆగిన తర్వాత స్త్రీలలో.

ఇప్పుడు మీ సమస్య ఈ రెండింటిలో ఏదో ఇలా తేల్చుకోండి. రాలిన తెల్ల వెంట్రుకను కుదురు నుంచి కొనకు వేళ్లతో జార్చండి. పదిహేను సెంటీమీటర్ల వెంట్రుకలో కొన వయసు సుమారు పదిహేను నెలలు, కుదురు దగ్గరి భాగానిది కొద్ది రోజులు. కుదురు దగ్గర నునుపుగా ఉండి కొన గరుకుగా ఉంటే అది అరుగుదల, దానికి చికిత్స ఉంది. కుదురు దగ్గరే గట్టిగా, వంకరగా ఉంటే అది పుట్టిన తీరు. దాన్ని మార్చలేం, లొంగదీయగలం.

అరుగుదలకు మందు కండిషనరే. ఇక్కడ కాస్త రసాయనం ఓర్చుకోండి. కొవ్వు పొర ఊడిన చోట వెంట్రుకకు రుణావేశం ఎక్కువ. కండిషనర్‌లోని బెహెన్‌ట్రిమోనియం క్లోరైడ్ లాంటి అణువుకు ధనావేశమున్న తల, ఇరవై రెండు కార్బన్ల కొవ్వు తోక ఉంటాయి. తల వెంట్రుకకు అతుక్కుంటుంది, తోక బయటికి ఉండి జారుడునిస్తుంది. పోయిన సహజ పొరలోనూ సుమారు ఇరవై కార్బన్ల గొలుసే ఉంటుంది! ఎక్కడ దెబ్బ ఎక్కువో అక్కడే ఎక్కువ అతుక్కోవడం దీని అందం. కాకపోతే తర్వాతి తలస్నానంలో చాలావరకు పోతుంది, మళ్లీ పెట్టాల్సిందే. "జుట్టును శాశ్వతంగా బాగుచేస్తుంది" అన్న ప్రకటనను నమ్మకండి.

నేను చేసే పద్ధతి చెబుతాను. తలస్నానానికి అరగంట ముందు జుట్టు పొడవునా కొద్దిగా కొబ్బరినూనె రాస్తాను. అది వెంట్రుక లోపలికి కొంత ఇంకి, నీళ్లలో ఉబ్బడాన్నీ ప్రొటీన్ పోవడాన్నీ తగ్గిస్తుంది. షాంపూ తల చర్మానికే, నురుగు కిందికి జారితే చాలు. కండిషనర్ మాత్రం కుదుళ్లు వదిలి మిగతా పొడవుకి. అది ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, రెండు మూడు నిమిషాలు ఆగి కడుగుతాను. తువ్వాలుతో రుద్దకుండా అదుముతాను.

గట్టి వెంట్రుకలను లొంగదీసే మెలకువ ఆ తర్వాత ఉంది. తడిస్తే వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు తెగి, ఆరేటప్పుడు ఉన్న ఆకారంలోనే మళ్లీ కలుస్తాయి. అందుకే పాపిడి దగ్గరి మొండి వెంట్రుకలను తడిగా ఉన్నప్పుడే పక్కకు దువ్వి, పిన్నుతో నొక్కి, పూర్తిగా ఆరాకే తీస్తాను. సగం ఆరాక తీస్తే లేస్తాయి. గాలిలో తేమ ఎక్కువైన రోజున ఆ ఆకారం సడలుతుంది, అది మీ తప్పు కాదు. చివర్లో రెండు చుక్కల సిలికోన్ సీరమ్ అరచేతుల్లో పులిమి పైపైన రాయవచ్చు. కొన్ని వారాలకు జుట్టు మైనం పూసినట్టుగా, బరువుగా అనిపిస్తే పొర పేరుకుందని అర్థం. అప్పుడు ఒకసారి గట్టి షాంపూతో కడిగితే పోతుంది. తెల్లటి పొడిలాంటి గరుకుతనం మీ నీళ్లలోని కాల్షియం వల్ల కావచ్చు, దానికి ఈడీటీఏ ఉన్న షాంపూ వెతకండి.

ఒకటి మాత్రం జుట్టు సమస్య అనుకోవద్దు. నెలల వ్యవధిలోనే తలంతా ముతకగా, పొడిగా మారి, నీరసం, చలి ఎక్కువగా అనిపిస్తుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక నిలబడ్డ ఆ నాలుగింటిని పీకేయాలనిపిస్తుంది. ఒకటి పీకితే పది తెల్లబడతాయన్నది వట్టి మాట, పక్క కుదురుకి ఈ కుదురు సంగతి తెలియదు. కానీ పీకినా, పొట్టిగా కత్తిరించినా మళ్లీ వచ్చేది ఒక సెంటీమీటరు మొలకే. దాని పొడవును నాలుగో ఘాతం వేసి చూస్తే, వచ్చే కొన్ని నెలలూ అది నిటారుగా నిలబడే ఉంటుంది.