రాయగడ ఆఫీసు సర్వర్ గొడవ: తేడా క్లౌడ్‌లో కాదు, లైనులో వచ్చింది

రాయగడలోని ఒక ఎరువుల హోల్‌సేల్ ఆఫీసులో బిల్లింగ్ మళ్లీ ఆగిపోయింది. ఖరీఫ్ సరుకు కదిలే రోజులు. గుణుపురం వెళ్లాల్సిన లారీ బిల్లు కోసం గేటు దగ్గరే నిలబడిపోయింది. "ముంబైలో ఉన్న సర్వర్‌ని నమ్ముకుంటే ఇంతే, పెట్టె మళ్లీ ఇక్కడికే తెచ్చేయండి" అని షావుకారు గారు పట్టుబట్టారు. సర్వర్ క్లౌడ్‌కి ఎందుకు వెళ్లిందన్నది పాత సంగతే, దాన్ని వదిలేద్దాం. నేటి గొడవకి మూలం ఆ తరువాత లైను మార్చిన రోజున ఉంది.

ఆఫీసు కంప్యూటర్లు 192.168.10.0/24లో, సర్వర్ క్లౌడ్ వర్చువల్ నెట్‌వర్క్ 10.20.0.0/16లో ఉన్నాయి. రెండింటినీ కలిపేది ఆఫీసు రూటరుకీ క్లౌడ్ గేట్‌వేకీ మధ్య ఉన్న ఐపీసెక్ టన్నెల్, అంటే ఇంటర్నెట్ మీదుగా గుప్తంగా వేసిన దారి. ఇక్కడి అమరికలో ఆఫీసు పబ్లిక్ ఐపీ ఫలానా అని గేట్‌వేలో ముందే నమోదు చేశారు. ఆ ఐపీ నుంచి, ఒప్పుకున్న కీతో వస్తేనే అది పలుకుతుంది. పాత లీజు లైనుకి ఎప్పటికీ మారని స్టాటిక్ ఐపీ ఉండేది కాబట్టి ఎవరూ దీని గురించి ఆలోచించాల్సిన పని పడలేదు.

అద్దె ఎక్కువని ఆ లైను తీసేసి, షావుకారు గారి బావమరిది పేరున ఇంటి ఫైబర్ కనెక్షన్ తీసుకున్నారు. మలుపు ఇక్కడే. కొత్త లైనులో రూటరు స్టేటస్ పేజీ తెరిస్తే బయటి వైపు ఐపీ, అంటే వ్యాన్ ఐపీ, 100.72తో మొదలవుతుంది. అది పబ్లిక్ ఐపీ కాదు. 2011 ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి ఐపీలు కేటాయించే సంస్థ ఏపీనిక్ దగ్గర ఐపీవీ4 నిల్వ చివరి వాటాకి వచ్చి, అక్కడి నుంచి రేషన్ మొదలైంది. ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకి పంచేందుకు 2012లో 100.64.0.0/10 శ్రేణిని ప్రత్యేకంగా కేటాయించారు. 100.64 నుంచి 100.127 వరకు ఏది కనిపించినా, మన పైన ఇలా ఐపీని పంచే ప్రొవైడర్ నాట్ ఇంకొకటి ఉందన్నమాట.

టన్నెల్ పెట్టిన కాంట్రాక్టర్ ఆ పేజీ చూడలేదు. బ్రౌజర్‌లో 'నా ఐపీ ఎంత' అని వెతికి, వచ్చిన నంబరుని క్లౌడ్‌లో ఎక్కించాడు. టన్నెల్ లేచింది కూడా. నాట్ వెనక నుంచి ఆఫీసే ముందు పిలిస్తే, యూడీపీ 4500 మీదుగా ఐపీసెక్ చక్కగా నడుస్తుంది. పైన ఉన్న పబ్లిక్ ఐపీ మారనంత కాలం ఎవరికీ అనుమానం రాలేదు. "లైను స్టాటిక్ అని ఫోన్‌లో చెప్పారు, నేనేం చేయను?" అన్నది అతని మాట.

గుట్టు దొరికింది లెక్కలు రాసే పార్వతీపురం అమ్మాయి నోట్‌బుక్‌లో. బిల్లింగ్ ఆగిన ప్రతి టైమూ రాసుకుని, పక్కనే కరెంటు పోయి వచ్చిన టైము రాసింది. చాలాసార్లు రెండూ జతగానే ఉన్నాయి. ఆగినప్పుడు కూడా వాట్సాప్, బ్యాంకు సైటు బాగానే నడిచాయని కూడా రాసింది. "నెట్ ఉంది అన్నా, సర్వరే రావట్లేదు" అని ఆమె మొదటి నుంచీ చెబుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు పోయి రూటరు మళ్లీ కనెక్ట్ అయినప్పుడు పబ్లిక్ ఐపీ మారుతోంది. కొత్త ఐపీ నుంచి పిలుపు వెళ్తే గేట్‌వే గుర్తుపట్టక మౌనంగా ఉండిపోతోంది. రూటరు లాగ్‌లో దాని ఆనవాలు ఇది:

```
retransmit 5 of request with message ID 0
giving up after 5 retransmits
```

కీ తప్పయితే సాధారణంగా అవతలి నుంచి తిరస్కారమైనా వస్తుంది. ఇక్కడ అసలు జవాబే లేదు. అలాంటప్పుడు ముందు చూడాల్సింది ఐపీ.

సర్వర్ వెనక్కి తెచ్చేస్తే ఈ చిక్కు తీరుతుందని షావుకారు గారి వాదన. అప్పుడు గుణుపురం బ్రాంచి రాయగడకి కనెక్ట్ అవ్వాలి. ఇదే లైను మీద బయటి నుంచి వచ్చే పిలుపుని ఆ 100.72 దాకా చేర్చే దారి లేదు. అంటే చిక్కు గుణుపురానికి మారుతుంది, అంతే.

ఖర్చు లేని దారి ఒకటుంది. గేట్‌వేకి ఐపీతో కాకుండా సర్టిఫికెట్‌తో ఆఫీసుని గుర్తుపట్టమని చెప్పడం, పిలుపు ఎప్పుడూ ఆఫీసు నుంచే వెళ్లేలా రూటరుని అమర్చడం. నాట్ తన పట్టికలో ఎంట్రీ తీసేయకుండా 20 సెకన్లకోసారి కీప్‌అలైవ్ అనే చిన్న పలకరింపు వెళ్లాలి. దీనికో పరిమితి ఉంది. టన్నెల్ పడిపోతే క్లౌడ్ తనంతట తాను లేపలేదు. రాత్రి ఆఫీసు ఫైళ్లని క్లౌడ్ లాక్కునే బ్యాకప్ ఉంటే, రూటరు మళ్లీ పిలిచేదాకా అది ఆగాల్సిందే.

షావుకారు గారు మాత్రం స్టాటిక్ ఐపీకే మొగ్గుతున్నారు. దాన్ని బిజినెస్ ప్లాన్‌లోనే ఇస్తామని ప్రొవైడర్ చెబుతోంది. కనెక్షన్ బావమరిది పేరున ఉంది, దాన్ని దుకాణం పేరుకి మార్చడానికి ఆ బావమరిది ఇంకా సంతకం పెట్టలేదు.