ఎనిమిది వందల మంది పట్టే హాలు: ఫంక్షన్ హాలు బుకింగ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

రాజమండ్రిలో ఒక హోటల్లో ఫంక్షన్ హాళ్ల బుకింగ్‌లు చూస్తుంటాను. హాలు చూడటానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఏసీ గురించి, తర్వాత పార్కింగ్, ఆ తర్వాత "ఎంతమంది పడతారండీ?" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: కెపాసిటీ 800 అంటే 800 మంది కూర్చోవచ్చు.

బ్రోచర్‌లో వేసే పెద్ద అంకె చాలాసార్లు నిలబడి తిరిగే జనం లెక్క. మా పెద్ద హాలు 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. అంటే 6,000 చదరపు అడుగులు. మనిషికి ఏడున్నర చదరపు అడుగుల చొప్పున భాగిస్తే 800 వస్తుంది. ఆ లెక్కలో స్టేజీ లేదు, కుర్చీ లేదు, నడిచే దారి కూడా లేదు.

పెళ్లికి అదే హాలు ఎలా ఉంటుందో చూడండి. స్టేజీకీ, దాని వెనక డెకరేషన్ వాళ్లు తిరగడానికీ కలిపి పొడవులో 24 అడుగులు పోతాయి. స్టేజీ ముందు 12 అడుగులు ఖాళీ ఉంచాలి. వీడియో వాళ్లు, అక్షింతలు వేయడానికి లైన్లో నిలబడేవాళ్లు అక్కడే ఉంటారు. వెనక తలుపుల దగ్గర ఇంకో 8 అడుగులు. మిగిలింది 56 అడుగుల పొడవు. వెడల్పులో మధ్య దారికి 8, రెండు పక్కలా నాలుగేసి అడుగులు తీసేస్తే 44 మిగులుతుంది. కవర్ వేసిన కుర్చీ 20 అంగుళాలు ఆక్రమిస్తుంది, వరసకీ వరసకీ మూడడుగులు ఇవ్వాలి. వరసకి 26 కుర్చీలు, 18 వరసలు. మొత్తం 468.

అదే హాల్లో రౌండ్ టేబుళ్లు కావాలంటే అంకె ఇంకా పడిపోతుంది. పదిమంది కూర్చునే ఆరడుగుల టేబుల్‌కి చుట్టూ కుర్చీలు, సర్వ్ చేసేవాడు తిరిగే జాగా కలిపితే అటూ ఇటూ పన్నెండేసి అడుగులు కావాలి. అలా 20 టేబుళ్లు పడతాయి. అంటే 200 మంది. ఒకే హాలు, మూడు అంకెలు. కాబట్టి "ఎంతమంది పడతారు" అనే బదులు "స్టేజీ వేశాక కుర్చీలు ఎన్ని పడతాయి, గీసి చూపించండి" అని అడగండి. లేఅవుట్ కాగితం చూపించలేని హోటల్ చెప్పే అంకెను నేనైతే నమ్మను.

ఆ కాగితంలో మండపం ఎక్కడుందో కూడా చూడండి. నేరుగా ఏసీ గాలి కింద వస్తే హోమంలో మంట నిలవదు. పైన స్మోక్ డిటెక్టర్ ఉంటే హోమం ఉన్నంతసేపూ అక్కడివరకు దాన్ని ఆపి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో ఒక మనిషిని పక్కనే నిలబెడతాం. మరిచిపోతే సరిగ్గా మంత్రాల మధ్యలో అలారం మోగుతుంది. ఒకసారి విన్నాను, చాలు.

అపోహ: 800 మందిని పిలిస్తే 800 కుర్చీలు ఉండాల్సిందే.

ఇది పై అపోహకి తమ్ముడు. రిసెప్షన్‌కి అందరూ ఒకేసారి రారు. వచ్చినవాళ్లలో సగం మంది భోజనాల దగ్గర ఉంటారు. రాత్రి ముహూర్తమైతే జీలకర్ర బెల్లం సమయానికి హాల్లో నూటయాభై మంది మిగిలితే గొప్ప. వాళ్లలోనూ కొందరు రెండు కుర్చీలు జోడించుకుని నిద్రపోతుంటారు.

అసలు ఇరుకు భోజనాల హాల్లో వస్తుంది. బంతికి 200 మంది అనుకోండి. తినడానికి 40 నిమిషాలు, ఆకులు తీసి బల్లలు తుడిచి మళ్లీ వేయడానికి 10. నాలుగు బంతులకి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఏడున్నరకి మొదలుపెడితే పదీ యాభైకి 800 మంది తింటారు. కాగితం మీద సరిపోయింది. కానీ మొదటి బంతికి సగం బల్లలు ఖాళీగా ఉంటాయి, ఎనిమిదిన్నరకి జనమంతా ఒక్కసారి దిగుతారు. తినేవాడి కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి విస్తరిలోకి చూసే పరిస్థితి అప్పుడే వస్తుంది. అందుకే బంతి భోజనం పట్టుబట్టేవాళ్లకి కూడా పక్కన ఒక చిన్న బఫే కౌంటర్ పెట్టించమని చెబుతాను. కుర్రకారు అటు వెళ్లిపోతారు, బంతిలో పెద్దవాళ్లకి చోటు దొరుకుతుంది.

అపోహ: రూములకి ఓవర్‌బుకింగ్ చేసినట్టే హాలుకీ చేస్తారు.

రూము దొరక్కపోతే గెస్టుని ఇంకో హోటల్‌కి పంపి, కారూ అద్దే మేం భరించవచ్చు. పెళ్లిని అలా పంపలేం. కానీ "మాట ఇచ్చాం కదా" అన్నా బుకింగ్ కాదు. మా దగ్గర అడ్వాన్స్ లేకుండా తేదీ పట్టి ఉంచేది 48 గంటలే. ఈలోగా ఇంకెవరైనా అడిగితే, ముందు ఒకరున్నారని వాళ్లకి చెప్పి రెండో పేరుగా రాస్తాం.

అపోహ: తేదీ ఒకటి చూసుకుంటే క్లాష్ రాదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. మా కంప్యూటర్‌లో తేదీ అర్ధరాత్రి మారుతుంది. అర్ధరాత్రి దాటాక వచ్చే ముహూర్తాలన్నీ ఈ సందులో పడతాయి.

మా దగ్గర జరిగిందే చెబుతాను. ఒక పెళ్లివారు ఫోన్ చేసి "గురువారం తెల్లవారుజాము 2.36కి ముహూర్తం" అన్నారు. మా కుర్రాడు గురువారం కింద ఎక్కించాడు. గడియారం ప్రకారం తప్పేం లేదు. శుభలేఖలో మాత్రం "బుధవారం రాత్రి 2.36, తెల్లవారితే గురువారం" అని ఉంది. వాళ్ల లెక్కలో హాలు బుధవారం మధ్యాహ్నమే చేతికి రావాలి. మా స్క్రీన్ మీద బుధవారం సాయంత్రం ఖాళీగా కనబడింది. దాన్ని ఓణీల ఫంక్షన్‌కి ఇచ్చేశాం, 400 మందికి.

పదకొండు రోజుల ముందు డెకరేషన్ ఆయన ఫోన్ చేశాడు. "ఏవండీ, కడియపులంక నుంచి పూలు బుధవారం పొద్దున్నే దిగుతాయి, రెండింటికి లోపలికి రావచ్చా?" అన్నాడు. బుధవారం ఎందుకని అడగబోయి ఆగిపోయాను.

ఓణీల అమ్మాయి తాతగారి దగ్గరికి నేనే వెళ్లాను. "తప్పు మాదేనండీ" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఫంక్షన్‌ని పొద్దున్న పదింటికి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు, వాళ్ల స్టేజీ ఖర్చు మేం పెట్టుకున్నాం. మూడింటికి హాలు ఖాళీ అయింది. ఎనిమిది గంటల డెకరేషన్‌ని రెట్టింపు మనుషులతో ఐదు గంటల్లో చేయించాం. రిసెప్షన్ ఎనిమిదిన్నరకి మొదలైంది, స్టేజీకి ఎడమ పక్క పూలు మాత్రం కట్టలేదు. పెళ్లికూతురి మేనమామకి అది కనబడింది.

ఇప్పుడు మా రిజిస్టర్‌లో తేదీ గడి పక్కనే రెండు గడులున్నాయి: ఒకదాంట్లో హాలు చేతికిచ్చే వారం, గంట; రెండోదాంట్లో ఖాళీ చేసే వారం, గంట. ఆ పెళ్లి అయితే బుధవారం మధ్యాహ్నం 12 నుంచి గురువారం ఉదయం 9 దాకా అని రాస్తాం. దాని తర్వాత డెకరేషన్‌కి ఎనిమిది గంటలు. అంటే ఒక రాత్రి ముహూర్తం బుధవారం, గురువారం రెండు మధ్యాహ్న భోజనాలనూ మింగేస్తుంది. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు పంతులుగారు రాసిచ్చిన కాగితం ఫొటో పంపమంటాం. కొందరు "ముహూర్తం మీకెందుకండీ?" అని నొచ్చుకుంటారు. ఫొటో వచ్చేదాకా రసీదు మాత్రం రాయను.