మూడు బకెట్ల లెక్క వెనక కథ

రిటైరయ్యాక చేతిలో ఉన్న డబ్బును మూడు బకెట్లుగా విడగొట్టమని ఇప్పుడు చాలామంది సలహాదారులు చెబుతున్నారు. ఒకటి రెండేళ్ల ఖర్చు నగదుగా బ్యాంకులో ఉంచాలి. ఆ తర్వాతి ఏడెనిమిదేళ్ల ఖర్చు బాండ్లలో పెట్టాలి. మిగిలింది పదేళ్ల దాకా ముట్టుకోం కాబట్టి షేర్లలో ఉండాలి. మార్కెట్ బాగున్న ఏడాది షేర్లు కొంత అమ్మి మొదటి బకెట్ నింపుకోవడం, పడిపోయిన ఏడాది షేర్ల జోలికి పోకుండా బాండ్ల నుంచి తీసుకోవడం, పద్ధతి ఇంతే.

ఇది అమెరికాలో పుట్టింది. అక్కడ ఒకప్పుడు పెద్ద కంపెనీల్లో పనిచేసినవాళ్లకు మన ప్రభుత్వ ఉద్యోగుల్లాగే నెలనెలా పెన్షన్ వచ్చేది. 1978 నాటి పన్నుల చట్టంలో చేరిన 401(కె) అనే సెక్షన్ ఆధారంగా, 1980ల నుంచి కంపెనీలు ఉద్యోగి పేరున ఖాతా తెరిచి అందులో డబ్బు జమ చేసే పద్ధతికి మళ్లాయి. రిటైరయ్యే రోజున మనిషి చేతికి పెన్షన్ బదులు ఒక మొత్తం వచ్చేది. దాన్ని చనిపోయేదాకా ఎలా సర్దుకోవాలన్నది అతని తలనొప్పి. అమెరికాలో ఉద్యోగాలు చేసి ఇప్పుడు అరవైకి దగ్గరపడుతున్న తెలుగువాళ్లలో చాలామందిది కూడా ఇదే పరిస్థితి.

అప్పటిదాకా ఉన్న అలవాటు ఏమిటంటే అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా వడ్డీ, డివిడెండ్ల మీద బతకడం. ఫ్లోరిడాకు చెందిన ఆర్థిక సలహాదారు హెరాల్డ్ ఎవెన్‌స్కీకి ఇది నచ్చలేదు. వడ్డీ కోసమే పెట్టుబడులు ఎంచుకుంటే ధరలు పెరిగేకొద్దీ ఆ వడ్డీ చాలకుండా పోతుందన్నది ఆయన వాదన. షేర్లు ఉండాల్సిందే. కానీ మార్కెట్ పడిన నెలలో కూడా ఇంటి ఖర్చుకు షేర్లు అమ్మాల్సి వస్తే క్లయింట్లకు టెన్షన్ పట్టుకుంటుంది. అందుకని 1980ల మధ్యలో ఆయన ఒక చిన్న ఏర్పాటు చేశారు. కొద్దికాలం ఖర్చుకు సరిపడా నగదు పక్కన పెట్టి, మిగతాది మామూలు పోర్ట్‌ఫోలియోగా ఉంచడం. అంటే మొదట్లో బకెట్లు రెండే. మధ్యలో బాండ్ల బకెట్ ఉన్న మూడింటి రూపాన్ని ఎక్కువమందికి చేర్చింది పెట్టుబడుల పరిశోధన సంస్థ మార్నింగ్‌స్టార్‌లో పనిచేసే క్రిస్టీన్ బెంజ్.

బకెట్లకు అంత ఆదరణ రావడానికి అసలు కారణం మరో ప్రశ్న: ఏటా ఎంత తీసుకుంటే డబ్బు చివరిదాకా నిలుస్తుంది? 1994లో విలియం బెంగెన్ అనే సలహాదారు పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి, మొదటి ఏడాది మొత్తంలో సుమారు 4 శాతం తీసుకుని, తర్వాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు డబ్బు నిలిచిందని చూపించారు. ఆ లెక్కల్లో బయటపడింది ఏమిటంటే, సగటు రాబడి ఎంత అన్నదానికంటే నష్టాలు ఎప్పుడు వచ్చాయన్నదే ముఖ్యం. రిటైరైన తొలి ఏళ్లలోనే మార్కెట్ కూలితే, ఆ ధరకు అమ్మేసిన షేర్లు తర్వాత పెరిగినా ఆ లాభం అమ్మినవాడికి రాదు.

2000 జనవరిలో రిటైరైన ఒక ఊహాజనిత అమెరికన్‌ను తీసుకుందాం. అతని దగ్గర 10 లక్షల డాలర్లు ఉన్నాయి, ఏడాదికి 40 వేలు కావాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి ధరల పెరుగుదల, పన్నులు, నగదు మీద వడ్డీ వదిలేద్దాం. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500 డివిడెండ్లతో కలిపి 2000లో సుమారు 9 శాతం, 2001లో 12, 2002లో 22 శాతం పడింది. 2003లో దాదాపు 29 శాతం లేచింది. బాండ్లు మాత్రం మొదటి మూడేళ్లూ 8 నుంచి 12 శాతం మధ్య, 2003లో 4 శాతం ఇచ్చాయి.

మొత్తం షేర్లలో పెట్టి ఏటా మొదట్లో 40 వేలు తీసుకుంటూ పోతే 2003 చివరికి మిగిలింది సుమారు 6.44 లక్షలు. అదే మనిషి నగదులో 80 వేలు, బాండ్లలో 3.2 లక్షలు, షేర్లలో 6 లక్షలు పెట్టుకుని, ఆ మూడు చెడ్డ ఏళ్లలోనూ నగదు బకెట్‌ను బాండ్లతోనే నింపుకుంటూ వస్తే మిగిలేది దాదాపు 8.28 లక్షలు. ప్రచారాల్లో సాధారణంగా కనిపించే పోలిక ఇంతవరకే.

కానీ మూడో మనిషిని కూడా చూడాలి. ఇతను బకెట్లు అనే మాటే ఎత్తడు. అదే 8, 32, 60 శాతాల వాటాలతో మొదలుపెట్టి, ఏటా ఖర్చు తీసుకున్నాక వాటాలను మళ్లీ అవే శాతాలకు సరిచేస్తాడు. అతని దగ్గర మిగిలేది దాదాపు 8.31 లక్షలు! కాపాడింది బకెట్లు కాదు, బాండ్లు. పైగా ఇద్దరూ పడిపోయిన ఏళ్లలో చేసిన పని వేరు. బకెట్ల మనిషి షేర్లను అలా వదిలేశాడు కాబట్టి 2003 మొదలయ్యేసరికి వాటి వాటా 50 శాతానికి తగ్గింది. మూడో మనిషి బాండ్లు అమ్మి చవగ్గా షేర్లు కొన్నాడు, కాబట్టి 60 శాతంతో ఆ పెరుగుదలను అందుకున్నాడు. ఈ నాలుగేళ్లలో తేడా చిన్నదే, ఇంకో కాలానికి లెక్క ఇంకోలా రావచ్చు. నా ఉద్దేశంలో బకెట్లు చేసే మేలు మనసుకు సంబంధించినది. మార్కెట్ సగానికి పడినప్పుడు కూడా ‘రెండేళ్ల ఖర్చు బ్యాంకులో ఉంది’ అనుకుని నిద్రపోగలిగేవాడు భయంతో అంతా అమ్ముకోడు. డబ్బంతా ఒకటే అయినా మనుషులు దాన్ని మనసులో వేర్వేరు ఖాతాలుగా చూస్తారని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లోనే రాశారు.

బకెట్లను అమ్మకానికి పెట్టినప్పుడు ఏమవుతుందో రే లూసియా కేసు చూపించింది. రేడియోలోనూ సెమినార్లలోనూ ఈ పద్ధతిని ప్రచారం చేసిన ఆయన మీద 2012లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు వేసింది. పాత కాలానికి వర్తింపజేసి చూపించిన లెక్కల్లో అసలు ద్రవ్యోల్బణం బదులు 3 శాతమే వేశారని, సలహా ఫీజులు తీసివేయలేదని ఆరోపణ. 1970లలో అమెరికాలో ధరలు ఏడాదికి 10 శాతం దాటి పెరిగిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి 3 శాతం చిన్న పొరపాటు కాదు. ఈ కేసు 2018లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ తేలింది మాత్రం ఎస్ఈసీ జడ్జీల నియామకం చెల్లుతుందా లేదా అన్నదే, బకెట్ల సంగతి కాదు.

2022లో ఈ పద్ధతి వేరేచోట దెబ్బతింది. వడ్డీ రేట్లు వేగంగా పెరగడంతో షేర్లు 18 శాతం, బాండ్లు 13 శాతం ఒకే ఏడాది పడ్డాయి. షేర్లు పడితే బాండ్లు నిలబడతాయన్నది మధ్య బకెట్‌కు పునాది. అది లేనప్పుడు మిగిలేది నగదు బకెట్ ఒక్కటే. అలాగని నగదు ఎక్కువ పెట్టుకుంటే, 2008 తర్వాత అమెరికాలో చాలా ఏళ్లు ఉన్నట్టు వడ్డీ సున్నా దగ్గర ఉన్నప్పుడు ఆ బకెట్ ఏటా కరుగుతూ పోతుంది.

మన దగ్గర ఈ చర్చ ఆలస్యంగా వచ్చింది, దానికీ తేదీలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వంలో 2004 జనవరి 1 నుంచి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ పోయి కంట్రిబ్యూటరీ పెన్షన్ వచ్చింది. పాత పెన్షన్ మీద ఉన్నవాళ్లకు డీఏ పెరుగుతూ ఉండేది కాబట్టి బకెట్ల అవసరమే రాలేదు. కొత్తవాళ్లకు బాండ్ల బకెట్ స్థానంలో ఎక్కువమందికి తెలిసింది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. అందులో అసలు విలువ మార్కెట్‌తో పాటు పడదు, కాబట్టి 2022 లాంటి దెబ్బ తగలదు. కానీ ఒక్కొక్కరికి 30 లక్షలే పరిమితి, గడువు అయిదేళ్లు. అయిదేళ్లయ్యాక అప్పటి వడ్డీ రేటుకే కొనసాగించుకోవాలి.