నెగటివ్ వచ్చినవాళ్లతో టీకా లెక్క

2021 నవంబరులో కోవాగ్జిన్ టీకా కోవిడ్‌ను ఎంత శాతం ఆపుతుందో చెప్పే రెండు అంకెలు దాదాపు రెండు వారాల తేడాతో వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. మొదటిది 77.8 శాతం. సుమారు 25,800 మంది వలంటీర్లతో జరిపిన మూడో దశ ట్రయల్‌లో తేలిన లెక్క అది. రెండోది 50 శాతం. ఇది ఢిల్లీ ఎయిమ్స్ సొంత ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో వచ్చింది. రెండూ లక్షణాలతో వచ్చిన కోవిడ్ గురించే. మరి ఇంత తేడా ఎందుకు? ట్రయల్ సమయానికీ ఎయిమ్స్ అధ్యయనం సమయానికీ మధ్య వైరస్ మారింది. డెల్టా రకం వరకే చూస్తే ట్రయల్ అంకె కూడా 65.2కు దిగింది. మిగిలిన తేడా అర్థం కావాలంటే ఆ 50 ఏ పద్ధతిలో వచ్చిందో చూడాలి.

ట్రయల్‌లో ఎవరికి టీకా, ఎవరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ అన్నది లాటరీ తేలుస్తుంది. అందుకే రెండు గుంపులూ మిగతా అన్ని విషయాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. టీకా జనంలోకి వెళ్లాక ఆ లాటరీ ఉండదు. వేయించుకున్నవాళ్లు తమంతట తాము వేయించుకున్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది జాగ్రత్తపరులు కావచ్చు, చిన్న జలుబుకే టెస్టుకు పరిగెత్తేవాళ్లు కావచ్చు. వేయించుకోనివాళ్లలో కొందరు నాలుగు రోజులు జ్వరమొచ్చినా పారాసిటమాల్ వేసుకుని ఇంట్లోనే పడుకుంటారు. అలాంటప్పుడు ‘టీకా వేసుకున్నవాళ్లలో ఎంతమందికి కోవిడ్ తేలింది, వేసుకోనివాళ్లలో ఎంతమందికి తేలింది’ అని పోలిస్తే టీకా పనితనంతో పాటు మనుషుల తీరు కూడా లెక్కలో కలిసిపోతుంది.

ఈ చిక్కుకు ఫ్లూ టీకాల పరిశోధకులు ఇరవయ్యేళ్ల కిందటే ఒక ఉపాయం కనిపెట్టారు. దాన్ని టెస్ట్-నెగటివ్ డిజైన్ అంటారు. జ్వరం, దగ్గు, గొంతునొప్పితో టెస్టుకు వచ్చినవాళ్లను మాత్రమే తీసుకోవాలి. పాజిటివ్ వచ్చినవాళ్లు రోగులు. అవే లక్షణాలతో వచ్చి నెగటివ్ తేలినవాళ్లు పోలికకు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికే వెళ్లరు. రెండు గుంపుల్లోనూ టీకా వేసుకున్నవాళ్ల పాలు ఎంతో చూస్తారు, అంతే.

ఉపాయం ఎక్కడ పనిచేస్తుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. ఒక సంస్థలో 2,000 మంది టీకా వేసుకున్నారు, 1,000 మంది వేసుకోలేదు. టీకా నిజంగా సగం కోవిడ్‌ను ఆపుతుంది. వేసుకోనివాళ్లలో 300 మందికి కోవిడ్ వచ్చింది, అంటే 30 శాతం. వేసుకున్నవాళ్లలో 15 శాతం, వీళ్లూ 300 మందే. మామూలు జలుబు జ్వరాలకు కోవిడ్ టీకాతో సంబంధం లేదు కాబట్టి అవి రెండు వైపులా 20 శాతానికి వచ్చాయి. అంటే టీకావాళ్లలో 400 మంది, మిగతావాళ్లలో 200 మంది.

ఇప్పుడు టీకావాళ్లు అందరూ టెస్టుకు వచ్చారు, వేసుకోనివాళ్లలో సగం మందే వచ్చారు అనుకోండి. వేసుకోనివాళ్ల లెక్క 150 పాజిటివ్, 100 నెగటివ్‌కు పడిపోతుంది. నేరుగా పోలిస్తే 1,000 మందిలో 150, 2,000 మందిలో 300. రెండూ 15 శాతమే. టీకా దండగ అనిపిస్తుంది! అదే నెగటివ్‌లతో పోల్చండి. టీకావాళ్లలో 300కు 400, అంటే 0.75. వేసుకోనివాళ్లలో 150కి 100, అంటే 1.5. మొదటిది రెండోదాంట్లో సగం. ఒకటిలోంచి ఆ సగం తీసేస్తే మిగిలేది 50 శాతం, అసలు జవాబు. టెస్టుకు రాని బద్ధకం పాజిటివ్‌లనూ నెగటివ్‌లనూ ఒకే పాళ్లలో తగ్గించింది కాబట్టి భాగించినప్పుడు ఎగిరిపోయింది. సంస్థలో మొత్తం ఎంతమంది టీకా వేసుకున్నారో కూడా తెలియనక్కర్లేదు.

ఎయిమ్స్‌లో 2021 జనవరి 16 నుంచి ఉద్యోగులకు టీకాలు మొదలయ్యాయి, అక్కడ ఇచ్చింది కోవాగ్జిన్ ఒక్కటే. ఏప్రిల్ 15 నుంచి మే 15 వరకు, అంటే ఢిల్లీలో రెండో వేవ్ పతాకస్థాయిలో ఉన్న నెలలో, లక్షణాలతో ఆర్‌టీపీసీఆర్ చేయించుకున్న 2,714 మంది ఉద్యోగుల వివరాలు తీశారు. 1,617 మందికి పాజిటివ్, 1,097 మందికి నెగటివ్. వీళ్లలోంచి వయసు, స్త్రీపురుష భేదం సరిపోయేలా ఒక పాజిటివ్‌కు ఒక నెగటివ్ చొప్పున 905 జతలు కట్టి లెక్క వేశారు. రెండో డోసు పడి కనీసం 14 రోజులు దాటినవాళ్లలో టీకా ప్రభావం 50 శాతం అని తేలింది. అసలు విలువ 33 నుంచి 62 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

అందరూ ఒకే ఆసుపత్రి సిబ్బంది, టెస్టు దొరికేదీ అక్కడే. కాబట్టి టెస్టు అందుబాటులో తేడాలు ఇక్కడ తక్కువ. అలాగని లెక్క నిక్కచ్చి అనలేం. నాకు అన్నిటికంటే ముందు అనుమానం కలిగించేది ఆ 1,097 నెగటివ్‌లే.

టెస్టు చేసినవాళ్లలో దాదాపు 60 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. ముక్కులోంచి స్వాబ్ సరిగా తీయకపోయినా, మరీ తొందరగానో మరీ ఆలస్యంగానో తీసినా ఆర్‌టీపీసీఆర్ కోవిడ్‌ను పట్టుకోదు. ఆ టెస్టు నూటికి 80 మందినే పట్టుకుంటుందని అనుకుందాం. అప్పుడు 1,617 పాజిటివ్‌ల వెనక అసలు కోవిడ్ రోగులు సుమారు 2,020 మంది ఉండాలి. తప్పిపోయిన 400 మంది ఎక్కడున్నారు? నెగటివ్ జాబితాలో. అంటే కోవిడ్ లేదని పోలికకు పెట్టుకున్నవాళ్లలో మూడో వంతుకు పైగా కోవిడ్ రోగులే. పోల్చాల్సిన రెండు గుంపులూ ఒకదానిలా ఒకటి అయిపోతాయి, టీకా బలం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. పైన మన ఊహాలెక్కలో అందరూ టెస్టుకు వచ్చినా, టెస్టు 70 శాతమే పట్టుకుంటే టీకావాళ్లలో 210 పాజిటివ్, 490 నెగటివ్ అవుతాయి. వేసుకోనివాళ్లలో 210, 290. భాగించి చూస్తే 50 శాతం టీకా 41 శాతంగా తేలుతుంది. వేవ్ ఎంత తీవ్రంగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. వ్యాధి అరుదుగా ఉన్న రోజుల్లో దీని కథ తిరగబడుతుంది, అప్పుడు తప్పుడు పాజిటివ్‌లు చేసే చెరుపే పెద్దది.

రెండో అనుమానం, టెస్టు ఎందుకు చేయించుకున్నారన్నది. ఎయిమ్స్ వాళ్లు లక్షణాలున్నవాళ్లనే తీసుకోవడం ఏదో లాంఛనం కాదు. 2021 మధ్యలో కొన్ని రాష్ట్రాలు రెండు డోసుల సర్టిఫికెట్ చూపిస్తే ప్రయాణికులను ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు అడగడం మానేశాయి. అంటే ఆరోగ్యంగా ఉండి కేవలం ప్రయాణం కోసం ముక్కు గుచ్చుకోవాల్సింది టీకా లేనివాళ్లే. అందరూ టెస్టుకు వచ్చిన మన ఊహాలెక్కలో అలాంటివాళ్లు 300 మంది అదనంగా చేరి అందరికీ నెగటివ్ వచ్చిందనుకోండి. వేసుకోనివాళ్ల లెక్క 300కు 500 అవుతుంది, అంటే 0.6. టీకావాళ్లది 0.75 అలాగే ఉంది. ఇప్పుడు టీకా వేసుకుంటే కోవిడ్ పెరుగుతుందని ఫలితం వస్తుంది! ల్యాబ్ రిజిస్టర్ ఉన్నదున్నట్టు తీసుకుని, టెస్టు కారణం అడగకుండా లెక్క వేసేవాళ్లు పడే గుంట ఇదే. టీకా వేసిన మర్నాడు వచ్చే జ్వరం దీనికి ఎదురు దిక్కులో లాగుతుంది. ఆ జ్వరానికి భయపడి టెస్టుకు వెళ్తే నెగటివ్ వస్తుంది, నెగటివ్ జాబితాలో టీకావాళ్లు పెరుగుతారు, ఇంకా పనిచేయడం మొదలెట్టని టీకా కూడా రక్షిస్తున్నట్టు కనబడుతుంది.

గతంలో కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల సంగతి కూడా ఉంది. ‘ఒకసారి వచ్చింది కదా, టీకా ఎందుకు’ అని ఆగిపోయినవాళ్లకు టీకా లేకుండానే కొంత రక్షణ ఉంటుంది. వాళ్లు వేసుకోనివాళ్ల గుంపులో ఎక్కువైతే టీకా బలహీనంగా కనబడుతుంది. ఎయిమ్స్‌లో గతంలో కోవిడ్ వచ్చిందని తెలిసినవాళ్లను తీసేసి మళ్లీ లెక్కిస్తే 47 వచ్చింది. పెద్ద తేడా లేదు.

ఇన్ని అనుమానాల మధ్య అంకెను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి పరిశోధకులు వాడే ఒక మంచి కిటుకు ఉంది. టీకా పనిచేయడానికి వీల్లేని రోజుల్లో ఫలితం ఎలా ఉందో చూడటం. మొదటి డోసు పడిన మొదటి వారంలో కోవిడ్ టీకా దాదాపుగా రక్షణ ఇవ్వదు. కాబట్టి ఆ రోజుల్లో టీకావాళ్ల పాజిటివ్-నెగటివ్ లెక్కను వేసుకోనివాళ్ల లెక్కతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒకటి దగ్గర ఉండాలి. లేకపోతే రెండు గుంపులూ ముందునుంచే వేరు అన్నమాట. ఇంగ్లండ్‌లో 70 ఏళ్లు దాటినవాళ్ల మీద ఇదే పద్ధతిలో చేసిన అధ్యయనంలో ఇది బయటపడింది. 2021 జనవరి 4కు ముందు ఫైజర్ టీకా వేసుకున్న 80 ఏళ్లు దాటినవాళ్లలో, మొదటి తొమ్మిది రోజుల్లో నిష్పత్తి 1.48 వరకు వెళ్లింది. టీకా వల్ల కాదు. కోవిడ్ ముప్పు ఎక్కువగా ఉన్న ముసలివాళ్లకే ముందుగా టీకా వేశారు, అదీ సంగతి. పరిశోధకులు ఆ రోజులనే ఆధారంగా పెట్టుకుని తర్వాతి వారాలను వాటితో పోల్చారు.

ఎయిమ్స్ లెక్కలోనూ అలాంటి ఆనవాలు ఒకటుంది. ఒక్క డోసు మాత్రమే పడినవాళ్లలో రక్షణేమీ కనబడలేదు. టీకా వేసుకున్నవాళ్లు జాగ్రత్తపరులు కావడం వల్లే ఆ 50 వచ్చి ఉంటే, ఒక్క డోసు వాళ్లలోనూ దాని ఛాయ కనబడాలి కదా. ఇది ఆ అంకెకు కొంత బలమే. కాకపోతే ఇక్కడా ఒక మెలిక ఉంది. జనవరిలోనే టీకా అందుబాటులోకి వచ్చిన ఆసుపత్రిలో ఏప్రిల్, మే నాటికి కూడా ఒక్క డోసు దగ్గరే ఉన్నవాళ్లలో చాలామంది మొదట వెనకాడి ఆలస్యంగా వచ్చినవాళ్లు అయ్యుండొచ్చు. వాళ్ల జాగ్రత్తలు రెండు డోసులవాళ్ల జాగ్రత్తల్లాంటివేనా అన్నది 905 జతల్లోంచి తేలే విషయం కాదు.