ఫోర్ షేరింగ్ గదిలో నిద్ర: అపోహలు - వాస్తవాలు

అపోహ: "మంచాన్ని నిద్రకే వాడాలంటారు. హాస్టల్లో మంచమే కుర్చీ, మంచమే బల్ల. మాకు కుదిరే పని కాదు."

వాస్తవం: ఆ నియమం నిద్రలేమి చికిత్సలో నిజంగానే ఉంది. 1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్‌జిన్ ప్రతిపాదించాడు. ఒక చోట పడుకుని రోజూ మెలకువగా దొర్లుతుంటే ఆ చోటే మెలకువకు గుర్తుగా మారిపోతుంది, అదీ అసలు సంగతి. కాబట్టి ఉన్న ఒక్క మంచాన్నే పగటి మంచం, రాత్రి మంచం అని రెండు చేసుకోవాలి.

అమీర్‌పేట హాస్టల్లో కింది బంకు మీది అనుకుందాం. పగలు దిండు కనబడకూడదు, అల్మారాలో పెట్టేయండి. పరుపు మీద ముదురు రంగు దుప్పటి పరిచి, కాళ్ల వైపు కూర్చుని చదవండి. పదకొండుకి పడుకోవాలంటే పదిన్నరకే పుస్తకాలు, ఛార్జర్, టిఫిన్ డబ్బా అన్నీ మంచం దిగిపోవాలి. పగటి దుప్పటి మడతపెట్టి, పళ్లు తోముకుని వచ్చి, చివర్లో దిండు వేసుకోండి. రోజూ ఇదే వరుస. రెండు మూడు వారాలు చేస్తేగానీ తేడా తెలియదు. దీన్ని చెడగొట్టేది సాధారణంగా దిండు మీద తల పెట్టాక తీసే ఫోనే. సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే (గడియారం చూడకండి, అందాజా చాలు) లేచి కారిడార్లోకి వెళ్లండి. వీల్లేకపోతే పగలు కూర్చునే కాళ్ల వైపుకి జరిగి కూర్చోండి. కళ్లు మూతలు పడుతుంటేనే దిండు దగ్గరికి రావాలి. ఇంట్లో చాప మీద పడుకునేవాళ్లకి ఇది ఇంకా తేలిక: పగలు చాప చుట్టేస్తే సరి.

అపోహ: "పూర్తి నిశ్శబ్దం ఉంటేనే నిద్ర పడుతుంది."

వాస్తవం: ఒకే తీరుగా సాగే చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది. ఫ్యాన్ హోరులో హాయిగా పడుకునేవాళ్లే తలుపు గడియ టక్కుమంటే ఉలిక్కిపడతారు. అందుకే ముందు తలుపు సంగతి చూడండి: కీళ్లకు రెండు చుక్కల నూనె, గడియకు చిన్న గుడ్డముక్క.

ఆ తర్వాతే ఇయర్‌ప్లగ్స్. ఫోమ్‌వి చాలామంది చెవి ముందు అతికించి వదిలేస్తారు, అర్ధరాత్రికి ఊడిపోతాయి. శుభ్రమైన వేళ్లతో పుల్లలా సన్నగా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చండి. ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే తలలో మోగినట్టుంటుంది. చెవి నొప్పి, చీము ఉంటే వద్దు. అలారం వినబడుతుందో లేదో సెలవు రోజున ఒకసారి పరీక్షించుకోండి.

అపోహ: "వారమంతా పోయిన నిద్ర ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే తీరిపోతుంది."

వాస్తవం: తీరేది కొంతే. పైగా ఒంటిగంటకి లేచినవాడికి రాత్రి పదకొండుకి నిద్ర రాదు, సోమవారం మొదటికొస్తుంది. లేచే వేళ గంటకు మించి జరపకండి. కావాలంటే మూడు లోపు ఇరవై నిమిషాల కునుకు తీయండి, అదీ దిండు లేకుండా, పగటి దుప్పటి మీదే.